చార్మినార్ వీధి బొమ్మల కొలువైన వేళ

నగరాన్ని ఎత్తు నుంచి తీసిన కొన్ని ఫొటోల్లో బస్సులు, మనుషులు, మేడలు అన్నీ అట్టతోనో మట్టితోనో చేసి రంగులు వేసినట్టు కనిపిస్తాయి. ఎవరో ఓపిగ్గా అమర్చిన బొమ్మల కొలువును చూస్తున్నామనిపిస్తుంది. నిజానికి అది అసలైన వీధే. జపాన్ ఫొటోగ్రాఫర్ నవోకి హోంజో 2006లో వెలువరించిన ‘స్మాల్ ప్లానెట్’ పుస్తకం నిండా ఇలాంటి ఫొటోలే ఉన్నాయి. అంతకు కొద్దికాలం ముందే ఇటలీకి చెందిన ఒలీవో బార్బియెరి హెలికాప్టర్ నుంచి రోమ్ లాంటి నగరాలను ఇదే తీరులో తీశాడు. వాళ్లు అందుకు లెన్స్‌ను కెమెరాకు వాలుగా తిప్పగలిగే ప్రత్యేక పరికరాలు వాడారు. ఆ పరికరాల పేరు మీదే ఈ శైలికి టిల్ట్-షిఫ్ట్ అన్న పేరు స్థిరపడింది. ఇప్పుడు అదే పనిని మామూలు ఫొటో మీద, చేతిలో ఉన్న ఫోన్‌తోనే చేయవచ్చు. యాప్‌లో ఒక బటన్ నొక్కితే ఏదో ఒకటి వస్తుంది కూడా. కానీ అలా వచ్చినవాటిలో ఎక్కువ భాగం బొమ్మల్లా కనిపించవు, పైనా కిందా మసకబారిన ఫొటోల్లా మిగిలిపోతాయి. తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే, మసక మన కంటికి ఏం చెబుతుందో ముందు చూడాలి.

ఫోన్ కెమెరాను ఒక మల్లెపువ్వుకు బెత్తెడు దూరంలో పెట్టి తీయండి. పువ్వు స్పష్టంగా ఉంటుంది, వెనక ఉన్న కుండీ మసకబారుతుంది. అదే ఫోన్‌తో ఎదురింటి మేడను తీస్తే మేడా, దాని వెనక చెట్టూ, ఇంకా వెనక ఉన్న నీళ్ల ట్యాంకూ అన్నీ స్పష్టంగానే పడతాయి. వస్తువు దగ్గరవుతున్నకొద్దీ లెన్స్ స్పష్టంగా పట్టగలిగే లోతు తగ్గిపోతుంది. మన కన్ను కూడా ఒక లెన్సే కాబట్టి పుట్టినప్పటి నుంచీ దాన్ని అలాగే చూస్తున్నాం. అందుకే సన్నని పట్టీ మాత్రమే స్పష్టంగా ఉండి, దాని ముందూ వెనకా వేగంగా మసకబారిన దృశ్యం ఎదురైతే, ఇది చాలా దగ్గర్లో ఉన్నదని మెదడు తేల్చేస్తుంది. దగ్గర్లో ఉండి కూడా ఫొటోలో ఇంతే కనిపిస్తోందంటే వస్తువు చిన్నదై ఉండాలి. మేడ బొమ్మయ్యేది ఆ లెక్కతోనే.

దీన్ని అంకెల్లో చూస్తే మరింత తేటపడుతుంది. బొమ్మ రైళ్లు, బొమ్మ ఊళ్లు కట్టేవాళ్లు ఎక్కువగా వాడే కొలతల్లో 1:87 ఒకటి, అంటే అసలు వస్తువు బొమ్మకు 87 రెట్లు పెద్దది. అలాంటి బొమ్మ ఊరిని అర మీటరు దూరం నుంచి 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో, అపర్చర్ f/2.8 దగ్గర పెట్టి తీశామనుకుందాం. లెన్స్ లోపల వెలుతురు వచ్చే రంధ్రం వెడల్పు దాదాపు 18 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇదే మసక నిజమైన వీధిలో, 43 మీటర్ల పైచిలుకు దూరం నుంచి, సహజంగా రావాలంటే ఆ రంధ్రం కూడా 87 రెట్లు పెద్దది కావాలి. అంటే ఒకటిన్నర మీటర్ల పైన వెడల్పున్న లెన్స్! అలాంటిది భుజాన వేసుకుని ఎవరూ తిరగరు. ఆ లేని లెన్స్ ఎలాంటి మసకను ఇచ్చి ఉండేదో దాన్ని మనం చేత్తో గీస్తున్నాం. ఎడిటింగ్‌లో ప్రతి నిర్ణయానికీ ఇదే కొలబద్ద: ఆ పెద్ద లెన్స్ అయితే ఇక్కడ ఎంత మసక వేసేది?

ఉదాహరణకు ఒక చోటు తీసుకుందాం. హైదరాబాద్‌లో చార్మినార్ మొదటి అంతస్తు నుంచి ఉత్తరం వైపు చూస్తే కింద జనంతో నిండిన వీధి, తోపుడు బండ్లు, వాటి మీద గొడుగులు, రెండు వైపులా దుకాణాల వరుసలు కనిపిస్తాయి. వీధికి అడ్డంగా చార్మినార్ కమాన్ నిలబడి ఉంటుంది. గుల్జార్ హౌజ్ చుట్టూ ఉన్న నాలుగు కమాన్లలో మనకు దగ్గరిది ఇదే. ఈ దృశ్యాన్ని ఎంచుకోవడానికి కారణం, బొమ్మ ఫొటోకు కావాల్సిన అనుకూలతలూ దాన్ని చెడగొట్టే చిక్కులూ రెండూ ఇందులో ఉండటమే.

ముందు అనుకూలతలు. మనం వీధిని పైనుంచి కిందికి చూస్తున్నాం. బల్ల మీద ఉన్న బొమ్మల్ని ఎవరైనా అలాగే చూస్తారు కాబట్టి ఆ కోణం తప్పనిసరి. నేల మీద నిలబడి తీసిన ఫొటోకు ఎంత మసక వేసినా లాభం లేదు, మనుషులు మనుషుల్లాగే ఉంటారు. రెండోది, గొడుగులు, బండ్లు, దుస్తుల రంగులు. మూడోది వెలుతురు. ఉత్తరానికి తిరిగి తీస్తున్నాం గనుక చలికాలంలో సూర్యుడు మన వెనకే ఉంటాడు, ఎదుటి వస్తువుల మీద ఎండ నేరుగా పడి నీడలు గట్టి అంచులతో వస్తాయి. అయితే ఒక సంగతి గమనించాలి. డిసెంబరులో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు 50 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. చార్మినార్ మీనార్ల ఎత్తు 56 మీటర్లు. అంటే వాటి నీడ ఆ వేళకు ఉత్తరంగా దాదాపు 50 మీటర్ల దాకా వీధి మీద పరుచుకుంటుంది. నీడలో ఉన్న వీధికి రంగులు రావు. ఉదయం పది, పదిన్నర ప్రాంతంలో ఆ నీడ వాయవ్యానికి వాలి ఉంటుంది, అప్పుడు వీధిలో తూర్పు పక్కకు ఎండ దొరుకుతుంది. నా మటుకు ఆ వేళే మంచిది. కానీ అదే చలికాలపు ఉదయం పొగమంచు కూడా ఉంటే ఫొటో తీసి ప్రయోజనం లేదు. దూరానున్నవి తెల్లబారి కనిపించడమంటే మధ్యలో చాలా గాలి ఉందని చెప్పడమే. బల్ల మీది బొమ్మకూ మనకూ మధ్య అంత గాలి ఉండదు.

తీసేటప్పుడు ఫోన్‌ను పిట్టగోడకు బయటగా, గట్టిగా పట్టుకుని ఉంచాలి. గోడ అంచు గానీ జాలీ గానీ ఫ్రేములో పడితే అది ఎంత పెద్దదో కన్ను వెంటనే గుర్తుపట్టేస్తుంది. ఫోన్‌లో 2x లేదా 3x లెన్స్ ఉంటే అదే వాడండి. అల్ట్రావైడ్ వద్దు, అది వీధిని సాగదీసి విశాలంగా చూపిస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు. మొదటి ఫొటోలో ప్రతి వస్తువూ స్పష్టంగా ఉండాలి, మసక ఎక్కడ ఎంత అన్నది తర్వాత మనమే నిర్ణయిస్తాం.

ఇప్పుడు ఎడిటింగ్. గూగుల్ వారి ఉచిత యాప్ స్నాప్‌సీడ్ చాలా ఫోన్లలో ఉంది కాబట్టి దానితో చెబుతాను. యాప్ వెర్షన్‌ను బట్టి బటన్ల చోటు మారొచ్చు, పనిముట్లు మాత్రం ఇవే.

మొదటి పని కత్తిరించడం. చార్మినార్ కమాన్ పైన ఆకాశం కనిపిస్తుంటే Crop తీసుకుని దాన్ని పూర్తిగా తీసేయండి. కమాన్ పైభాగం తెగినా ఫరవాలేదు. ఆకాశం, దిక్చక్రం కనిపించినంతసేపూ దృశ్యం కిలోమీటర్ల మేర సాగుతుందని కంటికి తెలుస్తూనే ఉంటుంది. రెండో పని పొగ తగ్గించడం. Tune Image లో Contrast కొద్దిగా, 15 నుంచి 20 దాకా పెంచితే చాలు. రంగుల జోలికి ఇంకా వెళ్లొద్దు.

మూడోది అసలు పని. Lens Blur తెరవగానే మామూలుగా గుండ్రని ఆకారం వస్తుంది. దాన్ని మార్చి గీతలాంటి ఆకారం, అంటే Linear ఎంచుకోండి. గుండ్రంగా ఎందుకు కూడదు? చదునైన వీధిని పైనుంచి చూస్తున్నప్పుడు ఫొటోలో ఒకే అడ్డ వరుసలో ఉన్న నేల అంతా మన నుంచి దాదాపు ఒకే దూరంలో ఉంటుంది. ఎడమ చివర గాజుల బండీ, అదే వరుసలో కుడి చివర పండ్ల బండీ సమాన దూరం. కాబట్టి లెన్స్ ఆ రెండింటినీ సమానంగా స్పష్టంగా చూపాలి. గుండ్రని మసక మధ్యలో బండిని మాత్రమే ఉంచి పక్కవాటిని చెరిపేస్తుంది. కారణం తెలియకపోయినా చూసేవాళ్లకు ఏదో తేడాగా అనిపిస్తుంది.

ఇక్కడ జ్యామితి మనకొక పెద్ద మేలు చేస్తోంది. చదునైన నేల మీద, స్పష్టంగా ఉన్న గీత నుంచి పైకి గానీ కిందికి గానీ జరుగుతున్నకొద్దీ, నిజమైన లెన్స్ వేసే మసక ఫొటోలో ఆ దూరానికి తగినట్టు ఒకే లెక్కన పెరుగుతుంది. గీత నుంచి రెట్టింపు ఎత్తులో ఉన్న వరుసకు మసక కూడా రెట్టింపు. అంటే తిన్నగా పెరిగే మామూలు గ్రేడియంట్, నేల వరకు, దాదాపు సరైన భౌతికశాస్త్రమే. కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీలో రాబర్ట్ హెల్డ్, ఎమిలీ కూపర్, జేమ్స్ ఓబ్రయన్, మార్టిన్ బ్యాంక్స్ 2010లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్నే మనుషుల మీద పరీక్షించింది. మసక పెరిగే దిశ, దృశ్యంలో దూరం పెరిగే దిశ ఒకటైనప్పుడు చూసేవాళ్లు దృశ్యాన్ని చిన్నదిగా, దగ్గరగా అంచనా వేశారు. ఆ రెండూ కలవనప్పుడు మసక తన పని సరిగా చేయలేకపోయింది.

స్పష్టమైన పట్టీని తోపుడు బండ్ల వరుస మీద పెట్టండి. ఫొటో ఎత్తులో ఆరో వంతుకు మించనివ్వొద్దు. వేళ్లతో దగ్గరికి లాగితే పట్టీ సన్నబడుతుంది. Transition మాత్రం ఎక్కువగా ఉంచాలి. అది తక్కువైతే స్పష్టత ఒక గీత దగ్గర తటాలున ఆగిపోయి, ఫొటో మీద ఎవరో అద్దం పెట్టినట్టుంటుంది. Blur Strength ను ఫొటో పై అంచులో మనుషుల తలలు విడివిడిగా తెలియని స్థాయి దాకా పెంచి, అక్కడ ఆపండి. కంప్యూటర్‌లో చేసేవాళ్లకు ఒక అంకె చెబితే, 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోకు పై, కింది అంచుల్లో 25 నుంచి 30 పిక్సెళ్ల వ్యాసార్ధం సరిపోతుంది. ఇంకో చిన్న సంగతి, ఈ యాప్ అడగకుండానే అంచులను చీకటి చేస్తుంది. Vignette Strength ను సున్నాకు దించండి. ఇది మరిచిపోవడం వల్ల పాడైన ఫొటోలు చాలా చూశాను.

ఇక్కడి దాకా చేసి చూస్తే ఫొటో సగం నమ్మిస్తుంది, సగం నమ్మించదు. అది ఎందుకో చూడాలంటే పక్కల ఉన్న దుకాణాలను పరీక్షగా చూడాలి. గ్రేడియంట్‌కు నేల తప్ప ఇంకేమీ తెలియదు. వీధిలో మాత్రం నిలువుగా లేచిన కట్టడాలున్నాయి. ఎడమ వైపు మనకు దగ్గర్లో ఉన్న రెండంతస్తుల దుకాణం చూడండి. దాని గడప ఫొటో కింది భాగంలో ఉంది కాబట్టి బాగా మసకబారింది. దాని పై అంతస్తు కిటికీలు సరిగ్గా స్పష్టమైన పట్టీలోకి వచ్చాయి. గడప మసక, కిటికీ స్పష్టం! ఒకే గోడ, మన నుంచి దాదాపు ఒకే దూరం, రెండు రకాల మసక. కమాన్‌కు దీనికి ఎదురు సమస్య. దాని పాదం దగ్గర మసక ఓ మోస్తరుగా ఉంటుంది, పైకి పోతున్నకొద్దీ గ్రేడియంట్ దాన్ని ఇంకా ఇంకా చెరిపేస్తుంది. కమాన్ పాదమూ శిఖరమూ ఒకే దూరంలో ఉన్నాయి గనుక రెండింటికీ ఒకే మసక ఉండాలి.

నిజమైన టిల్ట్ లెన్స్ కూడా ఇలాగే చేస్తుందని తెలిసినవాళ్లు అనొచ్చు, అది నిజమే. లెన్స్ వాలినప్పుడు స్పష్టంగా పడే తలం కూడా వాలుతుంది. ఆ నియమానికి ఆస్ట్రియా సైనికాధికారి థియోడర్ షైంఫ్లూగ్ పేరే ఉంది. ఆయన 1904లో దాని మీద పేటెంటు పొందాడు. వాలిన ఆ తలాన్ని దాటిపోయిన మేడ పైభాగాలు హోంజో ఫొటోల్లోనూ మసకబారతాయి. అయినా మనం అనుకరించాల్సింది టిల్ట్ లెన్స్‌ను కాదని నా అభిప్రాయం. బొమ్మను మామూలు లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే ఎలా ఉంటుందో దాన్ని అనుకరించాలి. అలాంటి ఫొటోలో బొమ్మ మేడ గోడ పాదం నుంచి పైదాకా ఒకే తీరుగా ఉంటుంది.

సవరించే దారులు రెండు. సులువైనది, పక్కల ఉన్న దుకాణాల్ని వీలైనంత కత్తిరించి వీధినే ఎక్కువగా ఉంచడం. రెండోది మాస్క్. స్నాప్‌సీడ్‌లో చేసిన మార్పుల జాబితాలోకి వెళ్లి Lens Blur ను ఎంచుకుంటే, దాని ప్రభావాన్ని బ్రష్‌తో కొన్నిచోట్ల తగ్గించవచ్చు. కమాన్ పైభాగం మీద సగం బలంతో పూస్తే అక్కడ మసక తగ్గుతుంది. కానీ ఆ దుకాణం కిటికీలకు మసక పెంచాలంటే ఇది సరిపోదు. గింప్ లేదా ఫొటోషాప్ కావాలి. ఫొటోషాప్‌లో Lens Blur ఫిల్టర్ ఒక నలుపు తెలుపు పటాన్ని దూరాల పటంగా తీసుకుంటుంది. నేలకు నలుపు నుంచి తెలుపుకు పోయే గ్రేడియంట్ వేసి, దుకాణం గోడ ఆకారాన్ని ఎంపిక చేసి, దాని గడప దగ్గర ఏ బూడిద రంగు ఉందో అదే రంగును గోడంతా నింపాలి. కమాన్‌కూ అంతే. ఓపికతో చేస్తే గంట పడుతుంది, ఫొటో ఒక్కసారిగా బొమ్మల వీధి అయిపోయేది మాత్రం ఆ గంటలోనే.

కంప్యూటర్‌లో చాలామంది ఇంకో దారి పడతారు. ఫొటో లేయర్‌ను కాపీ చేసి, దానికి గాసియన్ బ్లర్ ఇచ్చి, గ్రేడియంట్ ఉన్న లేయర్ మాస్క్‌తో అసలు ఫొటో మీద పరుస్తారు. ఇందులో ఒక దోషముంది. మధ్య ప్రాంతంలో తక్కువ మసక రావడానికి బదులు, స్పష్టమైన బొమ్మా బాగా మసకైన బొమ్మా సగం సగం కలుస్తాయి. గొడుగు అంచు స్పష్టంగానే ఉండి, దాని చుట్టూ పొగలాంటి వలయం కనిపిస్తుంది. లెన్స్ ఎప్పుడూ అలా చేయదు. మీ ఫొటోలో ఈ వలయం ఉందో లేదో తెలుసుకోవాలంటే పట్టీకి కొంచెం పైన, ముదురు రంగు వస్తువు పక్కన లేత రంగు ఉన్న చోటు పెద్దది చేసి చూడండి. ఫొటోషాప్ Blur Gallery లో ఉన్న Tilt-Shift, గింప్‌లోని Focus Blur ఈ దోషం లేకుండా మసకను అంచెలంచెలుగా పెంచుతాయి.

రంగులు చివరికి ఉంచమన్నాను. వాటిని ముందే పెంచేస్తే గాఢమైన పక్క పక్క రంగులు మసకలో ఒకదానిలోకి ఒకటి పాకి, అంచుల్లో పులుముకున్నట్టు కనిపిస్తాయి. మసక వేశాక చూస్తే ఎంత అవసరమో కంటికే తెలుస్తుంది. రంగులు ఎందుకు పెంచాలి అంటే, బొమ్మకు వేసే రంగు డబ్బాలోంచి తీసి వేసినట్టు ఒకే చిక్కదనంతో ఉంటుంది. దాని మీద దుమ్ము, ఎండకు వెలిసిన ఛాయలు తక్కువ. వీధిలోని గొడుగు ఎర్రగా ఉన్నా దుమ్ము పట్టి కాస్త బూడిదగా మారి ఉంటుంది. Saturation ను 30 దగ్గర మొదలుపెట్టి 40 లోపే ఆపండి. ఎక్కువైందని చెప్పేది ఎర్ర చీరలు, పసుపు గుడ్డలు. వాటి మడతలు, నీడలు పోయి ఒకే రంగు ముద్దగా మారిపోతే వెనక్కి రండి. మనుషుల ముఖాలూ చేతులూ నారింజ రంగుకు తిరిగినా అంతే. కంప్యూటర్‌లో Vibrance అనే సర్దుబాటు ఉంటే దాన్నే ఎక్కువగా వాడటం మంచిది. అది ఇప్పటికే గాఢంగా ఉన్న రంగుల్ని అంతగా ముట్టదు, చర్మం రంగును కొంత కాపాడుతుంది.

ఈ పెంపు కూడా అంతటా ఒకేలా ఉండనక్కర్లేదు. స్పష్టమైన పట్టీలోని బండ్లకు, గొడుగులకు కాస్త ఎక్కువ ఇచ్చి, దగ్గరి నేలను అలాగే వదిలేస్తే కన్ను తిన్నగా బండ్ల మీదికే వెళుతుంది. స్నాప్‌సీడ్‌లో Selective తీసుకుని గొడుగు మీద ఒక చుక్క పెట్టి దాని రంగును విడిగా పెంచవచ్చు. దూరానున్న కమాన్ వైపు మాత్రం రంగు కొద్దిగా పెంచాలి. అక్కడ గాలి దొంగిలించిన రంగును తిరిగి ఇస్తున్నామన్న మాట. తెల్ల సున్నపు గోడలు పచ్చగానో నీలంగానో మారుతున్నాయేమో చూసుకుంటే చాలు.

అయిందనుకున్నాక ఫొటోను ఫోన్ తెర మీద చిన్నదిగా, గ్యాలరీలో మిగతా ఫొటోల మధ్య ఉంచి చూడండి. పెద్దది చేసి చూస్తే దుకాణాల బోర్డుల అక్షరాలు, మనుషుల ముఖకవళికలు కనిపించి భ్రమ చెడుతుంది. అందుకే ఈ ఫొటోలు గోడంత అచ్చుకన్నా చిన్న సైజులో బాగా పండుతాయి. ఇంట్లో ఎవరికైనా ఏమీ చెప్పకుండా చూపించి ఏముందని అడగండి. వాళ్లు ముందుగా మసక గురించి మాట్లాడితే పట్టీ ఇంకా సరిగా లేదు. బండ్ల గురించి మాట్లాడితే పని అయినట్టే.

అన్ని వీధులూ దీనికి లొంగవు. ఆకాశహర్మ్యాలు కిక్కిరిసిన చోట నేల కన్నా గోడలే ఎక్కువ కనిపిస్తాయి గనుక మాస్క్ పని అంతులేకుండా పెరుగుతుంది. చౌరస్తాలు, రైల్వే స్టేషన్ పట్టాలు, బస్టాండు ఆవరణలు, పై నుంచి కనిపించే సంత మైదానాలు చక్కగా కుదురుతాయి. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద నుంచి ప్రకాశం బ్యారేజీని తీస్తే చుట్టూ నీళ్లు చదునుగా ఉంటాయి, మాస్క్ దాదాపు అక్కర్లేదు. మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు నేను అదే చెబుతాను.

చివరిగా ఒక మనవి. ఈ ఫొటోలో రంగులు, దూరాలు, స్పష్టత అన్నీ మనం మార్చినవే. దీన్ని ఎక్కడైనా ప్రచురిస్తే కింద ఎడిట్ చేసిన ఫొటో అని రాయండి, మార్చని అసలు ఫొటోను విడిగా దాచండి. పదేళ్ల తర్వాత ఆ వీధి ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే చూపించాల్సింది ఆ అసలు ఫొటోనే.